‘నాకనిపిస్తోంది’ బదులు ఏం రాయాలి? అభిప్రాయ వ్యాసంలో ఏ మాట ఎక్కడ నప్పుతుంది

అభిప్రాయ వ్యాసం రాసేవాళ్లు ఎక్కువగా వాడే ముగింపులు మూడు: ‘అనుకుంటున్నాను’, ‘అనిపిస్తోంది’, ‘భావిస్తున్నాను’. గ్రూప్-1 మెయిన్స్ జనరల్ ఎస్సే పేపర్‌ను తెలుగులో రాసే అభ్యర్థుల కాగితాల్లోనూ, పత్రికలకు పంపే వ్యాసాల్లోనూ, కాలేజీ పోటీల్లోనూ ఇవి పేరాకి రెండు మూడుసార్లు కనిపిస్తాయి. వీటిని తగ్గించమని అందరూ చెబుతారు. తీసేశాక ఆ చోట ఏం పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే చాలామంది ‘అనుకుంటున్నాను’ కొట్టేసి ‘భావిస్తున్నాను’ రాస్తారు. లేదంటే ఒక్కసారిగా అటు చివరికి వెళ్లి ‘ఇది ఎవరూ కాదనలేని సత్యం’ అంటారు. మొదటి పద్ధతిలో బెరుకు ఎక్కడికీ పోదు. రెండో పద్ధతిలో, కాదనగలిగిన పాఠకుడు ఒక్కడు తగిలినా వ్యాసం మీద నమ్మకం పోతుంది.

ఈ రెంటికీ మధ్య చాలా దారులున్నాయి. ఏ దారి పట్టాలో తేల్చుకోవాలంటే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ వాక్యం దేని మీద నిలబడింది? మీరు కళ్లారా చూసినదాని మీదా, లెక్కల మీదా, ఊహ మీదా, న్యాయాన్యాయాల మీదా? నాలుగింటికీ ఒకే ముగింపు సరిపోదు. ‘అనిపిస్తోంది’తో వచ్చే అసలు నష్టం అది వినయంగా ఉండటం కాదు. ఈ నాలుగింటినీ కలగాపులగం చేసి, ఏది ఎంతవరకు నమ్మాలో పాఠకుడికి తెలియకుండా చేయడం.

ఆ మూడు మాటలూ చేసే పని

‘అనుకోవడం’ తెలుగులో కనీసం మూడు పనులు చేస్తుంది. ‘రేపు వైజాగ్ వెళ్దామనుకుంటున్నాను’ అంటే ఉద్దేశం. ‘నువ్వు వెళ్లిపోయావనుకున్నాను’ అంటే తప్పని తేలిన నమ్మకం. ‘ఈ పథకం మంచిదనుకుంటున్నాను’ అంటే అభిప్రాయం. మాట్లాడేటప్పుడు గొంతును బట్టి తేడా తెలిసిపోతుంది. కాగితం మీద మాత్రం మూడోదాని మీద రెండోదాని నీడ పడుతుంది. ‘అనుకుంటున్నారు సరే, నిజమేమిటి?’ అని పాఠకుడు అడగడానికి సందు దొరుకుతుంది.

‘అనిపించడం’లో ఇంకో చిక్కు ఉంది. ‘నాకు ఆకలేస్తోంది’, ‘నాకు చలేస్తోంది’ అన్నట్టే ‘నాకు అనిపిస్తోంది’ అంటాం. ఇందులో నేను చేసిన పనేమీ లేదు, నాకు జరిగింది అంతే. ఆకలి ఎందుకేసిందని ఎవరూ వాదించరు. అలాగే ‘అనిపిస్తోంది’ అన్నప్పుడు వాదన అక్కడితో ఆగిపోతుంది. సినిమా ఎలా ఉందో, కవిత ఎలా తాకిందో చెప్పడానికి ఈ మాట చక్కగా సరిపోతుంది. ‘మద్యం ఆదాయం మీద రాష్ట్రాలు ఎక్కువగా ఆధారపడుతున్నాయని నాకనిపిస్తోంది’ అన్న వాక్యానికి మాత్రం సరిపోదు. అది బడ్జెట్ పుస్తకం తెరిస్తే తేలే సంగతి.

‘భావిస్తున్నాను’ పై రెంటికీ ఇస్త్రీ చేసిన చొక్కా తొడగడమే. లోపల ఉన్నది అదే.

పైగా తెలుగు క్రియలో ‘నేను’ ముందే ఉంది. ‘అనుకుంటున్నాను’ చివరి ‘ను’ ఆ పని చేసేస్తుంది. ‘నేను అనుకుంటున్నాను’ అని వాక్యవాక్యానికీ రాస్తే, ఇతరులు అలా అనుకోవడం లేదు, నేను మాత్రమే అనుకుంటున్నాను అన్న అర్థం వస్తుంది. ఆ నొక్కు కావాలనుకున్న చోట తప్ప ‘నేను’ అక్కర్లేదు.

అసలేమీ పెట్టకుండా చెప్పేయడం

మొదట ప్రయత్నించాల్సింది ఇదే. ముగింపు తీసేసి మిగిలిన వాక్యాన్ని పైకి చదవండి. ‘నీటి వసతి లేని పల్లెల్లో యువకులు వ్యవసాయం వదిలేస్తున్నారని నాకనిపిస్తోంది’ అన్నదాన్ని ‘నీటి వసతి లేని పల్లెల్లో యువకులు వ్యవసాయం వదిలేస్తున్నారు’ అని రాస్తే ఏం పోయింది? ఏమీ పోలేదు. వ్యాసం కింద మీ పేరుంది. అభిప్రాయం మీదేనని పాఠకుడికి తెలుసు.

ఇలా తీసేయగానే కొందరికి టెన్షన్ పట్టుకుంటుంది. అందరు యువకులూ వదిలేస్తున్నారా, నేను మరీ ఎక్కువ చెప్పేశానా అని. ఈ అనుమానం మంచిదే. దాన్ని మళ్లీ చివర ‘ఏమో’ తగిలించి తీర్చుకోకూడదు. జాగ్రత్తను వాక్యం చివర నుంచి ముందుకు జరపాలి. ‘చాలావరకు’, ‘ఎక్కువమంది’, ‘ఇప్పటివరకు’, ‘సాధారణంగా’, ‘వర్షాధార భూముల్లో’ లాంటివి మాట పరిధిని తగ్గిస్తాయి, మాట బలాన్ని తగ్గించవు. ‘నీటి వసతి లేని పల్లెల్లో యువకులు చాలావరకు పట్నం పనులకు వెళ్తున్నారు’ అన్న వాక్యం ఎంత చెప్పాలో అంతే చెబుతుంది, చెప్పింది మాత్రం గట్టిగా చెబుతుంది. నా దృష్టిలో ధీమా, జాగ్రత్త రెండూ ఒకేచోట కుదిరేది ఎక్కువగా ఇలాంటి వాక్యంలోనే.

పరిధి చెప్పేటప్పుడు ‘అందరూ’తో ఒక ప్రమాదం ఉంది. ‘అందరు రైతులకూ రుణమాఫీ అందలేదు’ అంటే ఒక్కరికీ అందలేదనా, కొందరికి అందలేదనా? తెలుగులో రెండు రకాలుగానూ చదవొచ్చు. ‘రుణమాఫీ అందని రైతులూ ఉన్నారు’ అంటే గొడవ లేదు. ‘సగానికి పైగా రైతులకు అందలేదు’ అనాలంటే చేతిలో లెక్క ఉండాలి.

ఆధారం చేత మాట్లాడించడం

రెండో దారిలో ‘నేను’ బదులు ఆధారమే కర్త అవుతుంది. లెక్కలు చూపిస్తున్నాయి, నివేదిక చెబుతోంది, అనుభవం సూచిస్తోంది అంటాం. పత్రికా వ్యాసాల్లోనూ, పరీక్ష వ్యాసాల్లోనూ దీనికి మంచి మర్యాద ఉంది. కానీ క్రియలన్నీ ఒకే ఎత్తులో ఉండవు. ‘రుజువు చేస్తోంది’ అన్నింటికన్నా పైమెట్టు. దాని కింద ‘తేలింది’, ‘స్పష్టమవుతోంది’. ఆ కింద ‘చూపిస్తోంది’. ఇంకా కింద ‘సూచిస్తోంది’. చిట్టచివర ‘సంకేతాలు కనిపిస్తున్నాయి’. ఆధారం ఏ మెట్టు మీదుంటే క్రియ కూడా అక్కడే ఉండాలి. రాసేవాళ్లు తరచూ ఒక మెట్టు పైకి ఎక్కేస్తుంటారు.

ఒక నిజమైన లెక్కతో చూద్దాం. 2011 జనగణన ప్రకారం మన దేశంలో మగవారి అక్షరాస్యత 80.9 శాతం, ఆడవారిది 64.6 శాతం. ఇది తీసుకుని ఒకరు ఇలా రాశారనుకుందాం: ‘ఆడపిల్లల్ని ఇప్పటికీ బడికి పంపడం లేదని ఈ లెక్కలు రుజువు చేస్తున్నాయి.’ చదవడానికి బలంగా ఉంది, కానీ నిలబడదు. జనగణనలో అక్షరాస్యత లెక్కేసేది ఏడేళ్లు, ఆపై వయసున్న అందరికీ కలిపి. అరవై ఏళ్ల అవ్వ కూడా అందులో ఉంటుంది. ఆమెను బడికి పంపనిది ఎప్పటి సంగతి! ‘ఇప్పటికీ’ అన్న మాటకు ఈ లెక్కలో ఆధారం లేదు.

క్రియను ‘సూచిస్తోంది’కి దించితే సరిపోతుందా అంటే, చాలదు. సూచించడానికైనా లెక్కకూ, మాటకూ నేరుగా సంబంధం ఉండాలి. ఇక్కడ మార్చాల్సింది క్రియనే కాదు, చెప్పే విషయాన్ని కూడా. ‘చదువులో ఆడ, మగ తేడా 2011 నాటికీ 16 శాతం పాయింట్లు దాటి ఉందని జనగణన చూపిస్తోంది. ఇందులో కొంత వెనకటి తరాల నుంచి వచ్చింది కావచ్చు; ఇప్పటి పిల్లల పరిస్థితి తెలియాలంటే వయసుల వారీగా చూడాలి.’ మొదటి వాక్యంలో ‘చూపిస్తోంది’ గట్టిగా నిలబడుతుంది, ఎందుకంటే లెక్క అంతే చెబుతోంది. రెండో వాక్యంలో ‘కావచ్చు’ రచయిత ఊహను ఊహగానే ఉంచుతుంది. ఇలా రాసినవాణ్ని పిరికివాడని ఎవరూ అనరు. లెక్క చదవడం వచ్చినవాడంటారు.

‘తేలింది’ విషయంలో ఇంకో మాట. ఎక్కడ తేలిందో, ఎవరు తేల్చారో వెంటనే చెప్పలేకపోతే దాన్ని వాడకండి. ‘అధ్యయనాల్లో తేలింది’ అని ఊరుకునే వాక్యం ‘నాకనిపిస్తోంది’ కన్నా హీనం. రెండోదాంట్లో కనీసం నిజాయితీ ఉంది.

‘-వచ్చు’తో వచ్చే తంటా

ఊహను ఊహగా చెప్పడానికి తెలుగులో అందరికీ అలవాటైన ప్రత్యయం ‘వచ్చు’. జరగవచ్చు, పెరగవచ్చు, కావచ్చు. ‘నాకనిపిస్తోంది’ కన్నా ఎన్నో రెట్లు మేలు, ఎందుకంటే ఇది మాట్లాడేది నా మనసు గురించి కాదు, విషయం గురించి. అయితే దీనికి రెండు ముఖాలున్నాయి. ‘ఇక్కడ బండి పెట్టుకోవచ్చు’ అంటే అనుమతి. ‘సాయంత్రం వాన పడొచ్చు’ అంటే సంభావ్యత. వాన ఎవరి అనుమతీ అడగదు కాబట్టి అక్కడ గందరగోళం రాదు. మనిషో, ప్రభుత్వమో కర్త అయినప్పుడే వస్తుంది.

‘కొత్త ప్రభుత్వం ఈ పథకాన్ని ఆపవచ్చు.’ దీనర్థమేమిటి? ఆపేలా ఉందనా, ఆపే అధికారం ఉందనా, ఆపినా తప్పులేదనా? మూడూ వేర్వేరు వాదనలు. మొదటిది రాజకీయ అంచనా, రెండోది చట్టం మాట, మూడోది మీ తీర్పు. అభిప్రాయ వ్యాసంలో ఈ మూడూ కలిసిపోతే పాఠకుడు తనకు నచ్చినట్టు చదువుకుంటాడు. అంచనా అయితే ‘ఆపే సూచనలున్నాయి’ అనండి. అధికారమైతే ‘ఆపడానికి చట్టం అడ్డు కాదు’ అనండి. తీర్పు అయితే ‘ఆపినా తప్పులేదు’ అని తేల్చి చెప్పండి.

జరిగిపోయినదాని గురించి అయితే ‘ఉండవచ్చు’ వాడితే సందేహమే ఉండదు. ‘ధర పెరగడంతో రైతులు పత్తి వైపు మళ్లి ఉండవచ్చు’ అంటే అనుమతి అనే అర్థం రానే రాదు.

‘అవకాశం ఉంది’ని కూడా దీనికి బదులుగా వాడతారు. మంచి సంగతులకు బాగుంటుంది. ‘వరదలో జనం చనిపోయే అవకాశం ఉంది’ అని రాస్తే మాత్రం చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది. చెడుకు ‘ప్రమాదం ఉంది’, ‘ముప్పు ఉంది’ అనే మాటలు ఉన్నాయి. ఈ చిన్న తేడా పట్టించుకునే రచయిత మిగతా మాటలూ తూచి రాశాడన్న నమ్మకం కలుగుతుంది.

ఇక ‘బహుశా’, ‘ఏమో’, ‘కాబోలు’, ‘లా ఉంది’. వ్యాసంలో ‘బహుశా’ అప్పుడప్పుడు బాగుంటుంది. ‘ఏమో’, ‘కాబోలు’ కథలకూ, కబుర్లకూ ఒప్పుతాయి. గుర్తుపెట్టుకోవాల్సిందల్లా ఒక వాక్యానికి ఒక్క సందేహమే చాలు. ‘బహుశా దీనికి కారణం నిరుద్యోగం కావచ్చేమో అనిపిస్తోంది’ అన్న వాక్యంలో బహుశా, వచ్చు, ఏమో, అనిపిస్తోంది నాలుగూ ఉన్నాయి. ‘దీనికి నిరుద్యోగం ఒక కారణం కావచ్చు’ అంటే చాలు. ఇక్కడ ‘ఒక’ చేసిన పని చూడండి. అదొక్కటే కారణం కాదని ఒప్పుకుంటూనే వాక్యం నిటారుగా నిలబడింది.

అనవచ్చు, అనాలి, అనక తప్పదు, అనలేం

తీర్పు చెప్పాల్సిన చోట ఈ కుటుంబం పనికొస్తుంది. పరీక్ష పేపర్లో ‘నేను’ వాడటానికి జంకేవాళ్లకు ఇవి బాగా సాయపడతాయి. ‘అని చెప్పవచ్చు’ అన్నింటిలోకీ అరిగిపోయింది. పేరాకొకటి కనిపిస్తుంది కాబట్టి ఇప్పుడు దానికి అర్థం దాదాపు లేదు. ‘ఇది మంచి మార్పు అని చెప్పవచ్చు’ కన్నా ‘ఇది మంచి మార్పు’ ఎప్పుడైనా మెరుగే.

‘అనక తప్పదు’ బరువైన మాట. ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాల్సి వస్తోంది అనే అర్థం దాంట్లో ఉంది. మీ వైపు వాదనకు వ్యతిరేకంగా ఉన్న నిజాన్ని ఒప్పుకునేటప్పుడు వాడితే అది సార్థకమవుతుంది. ‘ప్రైవేటు బస్సులు వచ్చాక రాత్రి ప్రయాణం సులువైందని అనక తప్పదు’ అని ఆర్టీసీని సమర్థించే వ్యాసంలో రాస్తే పాఠకుడు మిమ్మల్ని నమ్మడం మొదలుపెడతాడు. మీకు ఇష్టమైన మాటకే ‘అనక తప్పదు’ తగిలిస్తే అది ఉత్త హడావిడి.

నాకు అన్నింటికన్నా ఇష్టమైనవి ‘అనలేం’, ‘చెప్పలేం’. ‘ఈ ఒక్క చట్టంతో బాల్యవివాహాలు ఆగిపోతాయని చెప్పలేం’ అన్న వాక్యంలో జాగ్రత్త ఉంది, తిరుగులేని ధీమా కూడా ఉంది. దేనికి ఆధారం లేదో గట్టిగా చెప్పడం చాలా తేలిక, ఎవరూ కాదనలేరు కూడా. అయితే ఒక వ్యాసంలో రెండుకు మించితే మీరు దేనికీ కట్టుబడటం లేదనిపిస్తుంది.

కర్తను దాచేయడం

‘భావించబడుతోంది’, ‘అభిప్రాయం వ్యక్తమవుతోంది’, ‘విమర్శలు వినిపిస్తున్నాయి’, ‘పరిశీలకులు అంటున్నారు’. వార్త రాసేవాళ్లకు వీటితో అవసరం ఉంటుంది, ఎందుకంటే వాళ్లు సొంత మాట చెప్పకూడదు. అభిప్రాయ వ్యాసకర్తకు ఆ ఇబ్బంది లేదు. ఎవరు భావిస్తున్నారో చెప్పకుండా ‘భావించబడుతోంది’ అంటే, అది మీ మాటే, మీదని ఒప్పుకోవడం లేదు అంతే. ‘బడు’ ప్రయోగం తెలుగు చెవికి అసలే బరువు. దీన్ని పూర్తిగా వదిలేయండి. నిజంగా ఇతరులు అంటున్నదైతే ఎవరో చెప్పండి: కౌలు రైతులు, అంగన్‌వాడీ టీచర్లు, బ్యాంకర్లు.

‘మనం’ కూడా ఈ కోవలోదే, కానీ అంత చెడ్డది కాదు. తెలుగులో ‘మనం’ అనగానే పాఠకుడు కూడా లోపలికి వచ్చేస్తాడు. ‘మేము’ అంటే బయటే ఉంటాడు. ‘మనం పిల్లలకు బాకీపడ్డాం’ అనొచ్చు, అది అందరి బాధ్యత గురించి. ‘ధరలు తగ్గడం మనం చూస్తూనే ఉన్నాం కదా’ అంటే, చూడని పాఠకుడికి చిరాకొస్తుంది. బాధ్యతలకు ‘మనం’ వాడండి, వాస్తవాలకు వద్దు. ‘కదా’ను కూడా అలాగే పొదుపుగా వాడాలి. అది ఒప్పించడం కాదు, ఒప్పుకోమని చెయ్యి పట్టుకుని లాగడం.

ఒక పేరా, మొదటి నుంచి చివరిదాకా

ఇప్పుడు ఒక పేరా తీసుకుందాం. మాతృభాషలో బోధన గురించి తరచూ ఇలా రాస్తుంటారు:

‘ఐదో తరగతి వరకు బోధన తెలుగులోనే ఉండాలని నేను అనుకుంటున్నాను. తెలుగులో చెబితే పిల్లలకు లెక్కలు బాగా అర్థమవుతాయని నాకనిపిస్తోంది. ఇంగ్లిష్ మీడియం వల్ల పిల్లలు బట్టీ పడుతున్నారని భావిస్తున్నాను. తల్లిదండ్రులు ఉద్యోగాల కోసమే ఇంగ్లిష్ కోరుకుంటున్నారని అనిపిస్తోంది. ప్రభుత్వం పునరాలోచించాలని నా అభిప్రాయం.’

ఐదు వాక్యాలు, ఐదు రకాలు. మొదటిది ఇలా ఉండాలి అనే తీర్పు. రెండోది పిల్లల చదువు గురించిన సాధారణ సూత్రం. మూడోది కారణం, ఫలితం గురించిన ఊహ. నాలుగోది ఇతరుల మనసులో ఏముందో చెప్పే మాట. ఐదోది డిమాండ్. అన్నింటికీ ఒకే తాళం వేశాం.

మొదటి వాక్యానికి ఏ ముగింపూ అక్కర్లేదు. ‘ఉండాలి’ అనగానే అది తీర్పని తెలిసిపోతుంది. కాకపోతే పరిధి దగ్గర ఒక తప్పుంది. ఆదిలాబాద్ గూడేల్లో గోండి మాట్లాడే పిల్లలూ, శ్రీకాకుళం ఏజెన్సీలో సవర మాట్లాడే పిల్లలూ, పాతబస్తీలో ఉర్దూ మాట్లాడే పిల్లలూ ఉన్నారు. వాళ్లకు తెలుగు కూడా బడికి వచ్చాక నేర్చుకునే భాషే. కాబట్టి ‘తెలుగులో’ అన్నది ‘ఇంట్లో మాట్లాడే భాషలో’ కావాలి. ‘నేను అనుకుంటున్నాను’ అని తగిలించినంత మాత్రాన ఈ పొరపాటు దిద్దుకోబడలేదు, దాక్కుంది. చివరి తోక తీసేశాక అది బయటపడింది.

దీనికి ఆధారం కూడా దొరుకుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, బోధన ఆచరణ సాధ్యమైనంతవరకు పిల్లల మాతృభాషలో ఉండాలంటుంది. 2020 జాతీయ విద్యావిధానం వీలైనచోట కనీసం ఐదో తరగతి వరకు, కుదిరితే ఎనిమిది వరకూ, ఆపైనా అంటుంది. రెండింట్లోనూ ‘సాధ్యమైనంతవరకు’, ‘వీలైనచోట’ అనే మాటలున్నాయి. ఈ మాటలు వదిలేసి ‘చట్టం మాతృభాషను తప్పనిసరి చేసింది’ అని రాస్తే తప్పు చెప్పినట్టే. చాలా వ్యాసాలు సరిగ్గా ఇక్కడే జారిపోతాయి. మన వాక్యంలో జాగ్రత్త పడి, పక్కవాడి వాక్యంలోని జాగ్రత్తను కత్తిరించేస్తాం.

రెండో వాక్యానికి ‘బాగా అర్థమవుతాయి’ అని చెప్పి వదిలేయడం కన్నా ఒక ఉదాహరణ చూపించడం మేలు. మూడోదానికి ‘ప్రమాదం ఉంది’ సరిపోతుంది, ఎందుకంటే బట్టీకి మీడియం ఒక్కటే కారణం కాదు. తెలుగు మీడియంలోనూ బట్టీ పట్టేవాళ్లున్నారు. నాలుగోదాంట్లో ‘ఉద్యోగాల కోసమే’లోని ‘ఏ’ను చూడండి. ఒక్క అక్షరంతో మిగతా కారణాలన్నీ కొట్టేశాం. అది తీసేయాలి, ఆ కోరికను గౌరవంగా ఒప్పుకోవాలి. ఐదోది ఖాళీ డిమాండ్. ఏం చేయాలో చెప్పాలి.

దిద్దాక:

‘పిల్లలకు కనీసం ఐదో తరగతి వరకు ఇంట్లో మాట్లాడే భాషలోనే పాఠం చెప్పాలి. విద్యాహక్కు చట్టం కూడా ఆచరణ సాధ్యమైనంతవరకు అలాగే చేయమంటోంది. “తలా ఎన్ని వస్తాయి?” అని పరాయి భాషలో అడిగిన ప్రశ్నే అర్థం కాని పిల్లవాడికి భాగహారం వచ్చినా జవాబు రాదు. తెలియని భాషలో చదువు మొదలైతే అర్థం చేసుకోవడం పోయి బట్టీ పట్టడం అలవాటయ్యే ప్రమాదం ఉంది. ఇంగ్లిష్ వస్తే పిల్లలు బాగుపడతారన్న తల్లిదండ్రుల ఆశలో న్యాయం ఉంది. ఇంటర్వ్యూల్లో ఇంగ్లిష్ అడుగుతున్నంతకాలం ఆ ఆశను తప్పుపట్టలేం. అయితే ఇంగ్లిష్ బాగా నేర్పడం వేరు, సబ్జెక్టులన్నీ ఇంగ్లిష్‌లో చెప్పడం వేరు. మొదటిది ఒకటో తరగతి నుంచే మొదలుపెట్టాలి. రెండోదానికి ఆరో తరగతి దాకా ఆగాలి.’

ఇందులో ‘నేను’ ఒక్కసారి కూడా రాలేదు, అయినా రచయిత ఏ పక్షమో దాపరికం లేదు. జాగ్రత్త నాలుగు చోట్ల ఉంది: ‘కనీసం’, ‘ఆచరణ సాధ్యమైనంతవరకు’, ‘ప్రమాదం ఉంది’, ‘తప్పుపట్టలేం’. నాలుగూ నాలుగు రకాలు, వాక్యంలో వేర్వేరు చోట్ల ఉన్నాయి. ఎదుటివాళ్ల మాట ఒప్పుకున్న రెండు వాక్యాలను పూర్తిగా ఒప్పుకుంటూ రాశాం, ‘కొంతవరకు నిజమే కావచ్చు కానీ’ అని ముక్కు మూసుకుని కాదు. పూర్తిగా ఒప్పుకున్నాక వచ్చే ‘అయితే’కు ఎక్కువ బలం ఉంటుంది.

ఈ పేరా ఒప్పించని పాఠకులూ ఉంటారు. ఐదు దాకా తెలుగులో చదివి ఆరులో హఠాత్తుగా ఇంగ్లిష్‌లోకి మారితే పిల్లలు తడబడరా అని అడుగుతారు. అది గట్టి ప్రశ్న, దానికి ఇంకో పేరా రాయాలి. ‘నాకనిపిస్తోంది’లు నిండిన మొదటి పేరా చదివినవాళ్లకు ఆ ప్రశ్న వేయాలని కూడా తోచదు, ఎందుకంటే అక్కడ ఎదుర్కోవడానికి వాదనే లేదు.

‘నా’ ఉంచాల్సిన చోటు

వ్యాసమంతా ‘నేను’ లేకుండా రాయాలన్న నియమమేమీ లేదు. రెండు చోట్ల అది ఉండాలి. ఒకటి, నిపుణులు కూడా రెండుగా చీలిన విషయంలో మీరు ఒక పక్షం తీసుకుంటున్నప్పుడు. అక్కడ ‘నా దృష్టిలో’ అని ఒక్కసారి, వ్యాసం మొదట్లోనే చెప్పడం పాఠకుడి పట్ల మర్యాద. ‘నా మటుకు’, ‘నా వరకు’ అనేవి కొంచెం తగ్గి మాట్లాడతాయి, సొంత ఇష్టాయిష్టాలకు బాగుంటాయి. ‘నా అభిప్రాయం ఏమిటంటే’ ఉపన్యాసంలో నప్పుతుంది. కాగితం మీద అది మూడు మాటలు వృథా.

రెండోది, మీరు చూసినదే ఆధారమైనప్పుడు. పై పేరా రాసింది ఒకటో తరగతి టీచరే అనుకోండి. భాగహారం ఉదాహరణ స్థానంలో ఇలా రాయొచ్చు: ‘నా క్లాసులో లెక్క తప్పు చేసిన పిల్లలకు అదే ప్రశ్నను తెలుగులో చదివి వినిపిస్తే, చాలామంది పలక మీద అప్పటికప్పుడు సరిగ్గా చేస్తారు.’ ఇక్కడ ‘నా’ను తీసేసి ‘ఒక అనుభవం సూచిస్తోంది’ అని రాస్తే వాక్యం చచ్చిపోతుంది. ఇందులో ‘అనిపించింది’ కూడా లేదు, చూసింది చూసినట్టు ఉంది. ఆ ఒక్క క్లాసు నుంచి రాష్ట్రమంతటికీ సూత్రం లాగకుండా, తర్వాతి వాక్యంలో చట్టం మాటో, లెక్కో పక్కన పెట్టాలి.

పరీక్షలో మాత్రం ఈ రెండో రకం ‘నా’తో కాస్త జాగ్రత్త. గ్రూప్-1 వ్యాసంలో మీరెవరో తెలిసిపోయే వివరం రాయకూడదు. ఊరి పేరు, బడి పేరు, ఉద్యోగం తెలిసేలా సొంత అనుభవం చెప్పకుండా, అదే సంగతిని ‘తప్పు చేసిన పిల్లలకు ప్రశ్నను తెలుగులో వినిపిస్తే చాలామంది సరిదిద్దుకోవడం ప్రాథమిక బడుల్లో కనిపించేదే’ అని మార్చుకోవచ్చు. కొంత వేడి తగ్గుతుంది, మాట నిలబడుతుంది. పత్రికకు పంపేటప్పుడు టీచరు ‘నా క్లాసులో’ అనే రాయాలి.